కర్నూలు పాత భవనం రిపోర్టు: పరీక్షల వారీగా రాయాలా, పిల్లర్ల వారీగానా?

హంద్రీగట్టు · సోమవారం, ఉదయం 9:40

కర్నూలు పాత నగరంలో 1984లో కట్టిన భవనం. కింద షాపులు, పైన రెండు అంతస్తుల్లో ఆఫీసులు. పిల్లర్లు 24. డ్రాయింగులు ఒక్కటీ దొరకలేదు. పిల్లర్లలో నిలువు పగుళ్లు, కొన్ని బీముల కింద పెచ్చులూడి రాడ్లు కనిపిస్తున్నాయి. రిబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్, హాఫ్ సెల్, కార్బొనేషన్, క్లోరైడ్, కోర్లు అన్నీ అయ్యాయి. రిపోర్టు 84 పేజీలు వచ్చింది. ఒక్కో పరీక్షకు ఒక్కో అధ్యాయం, చివర 312 ఫొటోలు.

యజమానుల తరఫు ఇంజినీరు దాన్ని ఒక్క వాక్యం రాసి వెనక్కి పంపాడు: "సి7 పిల్లర్ ఉంచాలా, తీయాలా? జవాబు ఏ పేజీలో ఉంది?" వెతికితే సి7 గురించిన సమాచారం ఏడు పేజీల్లో ముక్కలు ముక్కలుగా ఉంది, జవాబు మాత్రం లేదు. ఈ రిపోర్టును ఎలా తిరగరాయాలి?

అనంత_ఇల్లు · సోమవారం, 10:15

సార్, మాది అనంతపురం. ఇల్లు కట్టి పన్నెండేళ్లు. పై అంతస్తు గోడల్లో స్లాబ్‌కు సరిగ్గా కింద అడ్డంగా పగులు వచ్చింది, చుట్టూ ఉంది. మీరు చెప్పే రిపోర్టు ఫార్మాట్ ఉంటే ఇక్కడ పెట్టండి, మేమే నింపుకుంటాం. ఎంత ఖర్చవుతుంది?

సీమ_కాంట్రాక్టర్ · సోమవారం, 10:50

ఫార్మాట్‌దేముందప్పా, రెండు లెక్కలు చూస్తే సరిపోతాది. కోర్ల సగటు గ్రేడులో 85 శాతం వస్తే కాంక్రీటు పాస్. హాఫ్ సెల్ మైనస్ 350 మిల్లీవోల్టులు దాటితే తుప్పు ఉన్నట్టే, లేకుంటే లేనట్టే. పాసైన పిల్లర్‌కు ప్లాస్టరింగ్, ఫెయిలైన దానికి జాకెటింగ్ అని రాసేయండి. ఇంగ కారణమంటారా, 2009 అక్టోబర్ వరదలో ఆ ఏరియా అంతా మునిగిపోయిండ్లా. ఆ నీళ్లే తినేసినాయి.

కొలతబద్ద · సోమవారం, మధ్యాహ్నం 1:20

హంద్రీగట్టు గారూ, మీ పరీక్షల్లో తప్పేమీ కనబడటం లేదు, రిపోర్టు పేర్చిన తీరే అడ్డం తిరిగింది. పరీక్షల వారీగా రాస్తే అది ల్యాబ్ రిజిస్టరు అవుతుంది. చదివేవాడి చేతిలో ఉన్నవి పిల్లర్లూ బీములే, పరీక్షలు కావు. కాబట్టి దెబ్బతిన్న ప్రతి భాగానికీ ఒక పేజీ ఇవ్వండి. ఆ పేజీలో నాలుగు సంగతులు విడివిడిగా ఉండాలి: కంటికి కనిపించింది, కొలిచింది, దాన్నిబట్టి మనం అనుకుంటున్నది, చేయాల్సింది. మొదటి రెండూ ఎవరు కొలిచినా మారనివి. మూడోది మన అభిప్రాయం. ఈ రెండింటినీ ఒకే పేరాలో కలిపేస్తే రేపు ఎవరైనా ప్రశ్నించినప్పుడు కొలతకు కూడా విలువ పోతుంది. "తుప్పు వల్ల 0.6 మి.మీ. పగులు" అని రాయకండి. 0.6 మి.మీ. అన్నది కొలత, తుప్పు వల్ల అన్నది నిర్ణయం.

పరీక్షల పట్టికలన్నీ అనుబంధంలోకి పోవాలి. ఫొటోలు 312 ఎవరూ చూడరు, ఒక్కో భాగానికి రెండు చాలు. ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి. దగ్గరి ఫొటోలో స్కేలు, పిల్లర్ నంబరు, ఏ ముఖమో, నేల నుంచి ఎంత ఎత్తో కనబడాలి.

సి7 వివరాలన్నీ ఒకచోట పెట్టండి, చూద్దాం.

హంద్రీగట్టు · సోమవారం, 3:05

సి7, గ్రౌండ్ ఫ్లోర్. సైజు 230 × 380. బాత్రూం డక్ట్ వైపు ఉన్న 380 ముఖం మీద రెండు మూలల్లోనూ నిలువు పగుళ్లు, నేల నుంచి 900 ఎత్తు వరకు. ప్లాస్టరు మీద వెడల్పు 1.2 మి.మీ. ప్లాస్టరు తీశాక కాంక్రీటు మీద 0.6. తట్టితే ఆ ముఖమంతా బోలుగా మోగుతోంది.

ఆ ముఖం తెరిచాం. రాడ్ల మీద కాంక్రీటు కవర్ 18 నుంచి 22 మి.మీ. కార్బొనేషన్ లోతు 35 మి.మీ. మొత్తం రాడ్లు ఆరు, 16 మి.మీ. టార్ స్టీలు. తెరిచిన ముఖంలో రెండు మూల రాడ్లు తుప్పు గీకి కొలిస్తే 14 మి.మీ. వచ్చాయి. రింగులు 6 మి.మీ. నున్నటి రాడ్లు, 200 దూరంలో. వాటిలో రెండు వరుస రింగులు 3.5 మి.మీ.కి సన్నబడ్డాయి, ఒకటి మూల దగ్గర తెగింది. క్లోరైడ్ ఘనపు మీటరుకు 0.3 కిలోలు. హాఫ్ సెల్ మైనస్ 290 నుంచి మైనస్ 380. హ్యామర్ ప్రకారం బలం 28. పిల్లర్ల నుంచి తీసిన నాలుగు కోర్లు మాత్రం 13.8, 16.1, 15.4, 14.9.

నేను రాసిన వాక్యం: "రాడ్ల విస్తీర్ణంలో 23 శాతం నష్టం, జాకెటింగ్ అవసరం."

పెన్నా_ల్యాబ్ · సోమవారం, 4:30

హ్యామర్ 28, కోర్ 15 అని పక్కపక్కన పెట్టి వదిలేస్తే చదివేవాడు తనకు నచ్చింది తీసుకుంటాడు. రెండూ ఎందుకు కలవలేదో అక్కడే ఒక వాక్యం రాయాలి అన్నా. 35 మి.మీ. లోతు కార్బొనేట్ అయిన కాంక్రీటు పైపొర గట్టిపడి ఉంటుంది, హ్యామర్ దాన్నే కొడుతుంది, లోపలిదాన్ని కాదు. కాబట్టి ఈ భవనంలో హ్యామర్ అంకెలు బలానికి పనికిరావు. ఒక పిల్లర్‌కూ ఇంకో పిల్లర్‌కూ తేడా పట్టడానికి, కోర్ ఎక్కడ తీయాలో ఎంచుకోవడానికి మాత్రం వాడుకోవచ్చు. అనుబంధంలో హ్యామర్ పట్టిక నుంచి బలం కాలమ్ కొట్టేసి రీడింగులు మాత్రమే ఉంచండి.

కాంట్రాక్టరన్న చెప్పిన 85 శాతం సంగతి: కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లో ఆ నిబంధన కొత్తగా పోసిన కాంక్రీటు మీద అనుమానం వచ్చినప్పుడు ఒప్పుకోవాలా వద్దా అని తేల్చడానికి ఉంది. సగటు 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతం కంటే తగ్గకూడదు అని. నలభై ఏళ్ల భవనానికి అసలు ఏ గ్రేడు అడిగారో కాగితమే లేదు. దేనిలో 85 శాతం? ఆ రోజుల్లో 1978 కోడ్ కింద ఎం15 మామూలే. ఎం20 కనీసం అన్నది 2000 సవరణలో వచ్చింది. ఇక్కడ పాస్, ఫెయిల్ లేవు. దొరికిన బలాన్ని లెక్కలో పెట్టి భారం మోస్తుందా అని చూడాలి.

హాఫ్ సెల్ కూడా అంతే. మైనస్ 350 దాటితే తుప్పు పట్టే అవకాశం 90 శాతం పైన అన్న మాట పుస్తకంలో ఉన్నదే. కానీ కార్బొనేషన్ రాడ్డు దాకా పోయిన చోట ఆ హద్దులు వాడొద్దని ఆ పద్ధతిలోనే హెచ్చరిక ఉంది. సి7లో కవర్ 20, కార్బొనేషన్ 35. అక్కడ అంకెను కాకుండా మ్యాపులో ఒక చోటు నుంచి పక్క చోటుకు ఎంత నిటారుగా పడిపోయిందో చూడండి. పైగా అది ఇప్పుడు తుప్పు నడుస్తోందా అన్న సూచన మాత్రమే ఇస్తుంది. ఇప్పటికి ఎంత పోయిందో చెప్పదు. తెరిచి క్యాలిపర్‌తో కొలిచారు కదా, దానికి మించిన పరీక్ష లేదు.

సీమ_కాంట్రాక్టర్ · సోమవారం, 5:10

అయితే ఇన్నాళ్లూ అందరూ 350 చూసి రాసింది తప్పంటావా అక్కా?

పెన్నా_ల్యాబ్ · సోమవారం, 5:25

సముద్రం ఒడ్డున ఉప్పు వల్ల పట్టే తుప్పుకు ఆ అంకె బాగానే నడుస్తుంది. మన సీమ భవనాల్లో ఎక్కువగా కవర్ తక్కువై, కార్బొనేషన్ లోపలికి పోయి పడుతుంది. ఉప్పు బోరు నీళ్లతో కలిపిన కాంక్రీటైతే అది వేరే కథ, అందుకే క్లోరైడ్ పరీక్ష మానకూడదు. ఇక్కడ 0.3 వచ్చింది. ఐఎస్ 456 హద్దు 0.6. కాబట్టి కారణం కింద "కార్బొనేషన్, దానికి తోడు తడి" అని రాయొచ్చు.

కొలతబద్ద · సోమవారం, రాత్రి 8:45

ఇప్పుడు ఆ 23 శాతం సంగతి. 14 వర్గాన్ని 16 వర్గంతో భాగిస్తే 0.77, అంటే ఒక్కో రాడ్డులో 23 శాతం పోయింది, సరే. కానీ పోయింది రెండు రాడ్లలో. ఆరింటి మొత్తంలో అది 8 శాతం లోపే. మీ వాక్యం చదివితే పిల్లర్ స్టీలంతా నాలుగో వంతు పోయిందనిపిస్తుంది. అసలు ప్రమాదం మీరు కొలిచి కూడా వాక్యంలో రాయని రింగుల్లో ఉంది.

స్థూలంగా లెక్క వేసి చూడండి. కాంక్రీటు బలం fckకి కోర్ల సగటు 15, స్టీలు బలం fyకి 415 అనుకుంటే, Ac, Asc కాంక్రీటు, రాడ్ల విస్తీర్ణాలు:

```
P = 0.4·fck·Ac + 0.67·fy·Asc
  = 0.4×15×86194 + 0.67×415×1206
  ≈ 517 + 335 = 852 kN
```

మూల రాడ్లు సన్నబడినందుకు పోయేది సుమారు 26 కిలోన్యూటన్లు. బోలుగా మోగిన ముఖం మీద 25 మి.మీ. మందం కాంక్రీటు లెక్కలోంచి తీసేస్తే 57. అంటే ఊడిపోతున్న కవర్ నష్టం, రాడ్ల నష్టానికి రెట్టింపు. రెండూ కలిపి తీసేసినా ఇంకా 769 మిగులుతుంది.

ఇక రింగులు. 3.5 మి.మీ. అంటే మూడింట రెండు వంతులు పోయినట్టే. 16 మి.మీ. రాడ్డుకు రింగుల దూరం 16 రెట్లు, అంటే 256 మించకూడదు. మీకు 200 ఉంది కాబట్టి మొదట్లో సరిపోయింది. వరుసగా రెండు రింగులు పనిచేయకపోతే రాడ్డుకు ఆధారం లేని పొడవు 600 అవుతుంది. అప్పుడు భారం పడితే రాడ్డు పక్కకు వంగి కవర్‌ను తోసేస్తుంది. ఆరు రాడ్లకూ అదే గతి అనుకుంటే స్టీలు వాటా 335 మొత్తం పోతుంది, మిగిలేది 460 చిల్లర. రాడ్లు కొంచెం సన్నబడితే పోయేది 26, రింగులు తెగితే పోయేది 335. ఈ తేడా మీ సి7 పేజీలో పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఒక జాగ్రత్త: ఈ సూత్రం మొమెంటు లేని పిల్లర్‌ది. 230 వెడల్పుకు కనీస ఎక్సెంట్రిసిటీ 20 మి.మీ. పెట్టాలి, అప్పుడు అసలు సామర్థ్యం ఇంకా తగ్గుతుంది. ఏ నష్టం పెద్దదో తూచడానికి మాత్రమే ఇది. రిపోర్టులో పూర్తి లెక్క వేయండి. సి7 మీద భారం ఎంత వచ్చింది?

హంద్రీగట్టు · మంగళవారం, ఉదయం 8:10

మామూలు భారం 480 కిలోన్యూటన్లు, ఫ్యాక్టర్ కలిపితే 720. అంటే 769 దగ్గర గట్టెక్కుతుంది, 460 దగ్గర మునుగుతుంది. నేను తెరిచింది ఒక్క ముఖమే. వెనక ముఖంలో రింగులు ఎలా ఉన్నాయో తెలియదు. ఏ అంకె రాయాలి?

కొలతబద్ద · మంగళవారం, 9:00

రెండూ రాయండి. "వెనక రింగులు బాగుంటే ఇంత, అవీ పోయి ఉంటే ఇంత. వెనక ముఖం 900 ఎత్తు వరకు తెరిస్తే తేలుతుంది." ఇలా రాస్తే రిపోర్టు బలహీనపడదు. ఏమి తెరిస్తే ఏమి తేలుతుందో చెప్పిన రిపోర్టు మీద యజమాని ఖర్చు పెడతాడు, "మరింత పరిశీలన అవసరం" అన్నదాని మీద పెట్టడు.

460 మామూలు భారం కంటే కూడా తక్కువ కాబట్టి ఇది రిపోర్టు కోసం ఆగే విషయం కాదు. సూత్రంలో భద్రతా గుణకాలు కలిసే ఉన్నాయి, రేపే కూలుతుందని అర్థం కాదు. అయినా ఈ రోజే విడిగా ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి: సి7 మీదికి వచ్చే బీముల కింద జాకీలు, ఆ పైన ఉన్న రికార్డు బీరువాలు ఖాళీ, షాపులో ఆ మూల ఎవరూ లేకుండా. తేదీతో, అందినట్టు సంతకంతో. ఆ ఉత్తరం నకలు తర్వాత రిపోర్టులో మొదటి అనుబంధం అవుతుంది.

పెన్నా_ల్యాబ్ · మంగళవారం, 9:40

నాలుగు కోర్ల సగటును నేరుగా fck గా తీసుకోవడం నాకు నచ్చలేదు. నాలుగింటితో సగటే నమ్మకంగా రాదు, లక్షణ బలం ఎలా వస్తుంది? కనిష్ఠం 13.8 తీసుకోవాలి. లేదంటే డ్రాయింగులు లేని భవనానికి బలాన్ని తగ్గించి తీసుకునే గుణకం ఐఎస్ 15988లో ఉంది, అది వాడాలి.

కొలతబద్ద · మంగళవారం, 10:05

ఐఎస్ 15988 భూకంప మూల్యాంకనానికి. ఇక్కడ నిలువు భారం లెక్కకు దాన్ని తేవడం మీద నాకు సందేహం ఉంది. కనిష్ఠం వాడితే సి7 వరకు అభ్యంతరం లేదు, కానీ 24 పిల్లర్లకూ అదే పెడితే బాగున్నవీ జాకెటింగ్ జాబితాలోకి వస్తాయి. ఏది వాడినా రిపోర్టులో ఎందుకు వాడామో రాయాలి, ఆ మాట వరకు మీతో ఏకీభవిస్తాను.

సీమ_కాంట్రాక్టర్ · మంగళవారం, 11:30

లెక్కలు బాగుండాయి గానీ వరద సంగతి ఎవురూ మాట్లాడకపోతిరి. పునాదుల దాకా నీళ్లు నిలిచినాయి ఆడ. నల్లరేగడి నేల వేరే. కుంగి ఉంటాది.

కొలతబద్ద · మంగళవారం, 12:15

అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు ఒక ప్లానులో దొరుకుతుంది. గ్రౌండ్ ఫ్లోర్ ప్లాను గీసి, తుప్పు పగుళ్లున్న పిల్లర్లకు ఎర్ర చుక్క పెట్టండి. అదే ప్లాను మీద నీళ్ల పైపులు, డక్టులు, బాత్రూంలు నీలం రంగులో గీయండి. వరదే కారణమైతే 24 పిల్లర్లలోనూ ఒకే ఎత్తు వరకు జాడ ఉండాలి, నీళ్లు ఏ పిల్లర్‌నీ వదిలిపెట్టి పోవు కదా. తడి కారణమైతే ఎర్ర చుక్కలు నీలం గీతల చుట్టూ పోగవుతాయి. కుంగుడైతే పగుళ్లు గోడల్లో ఏటవాలుగా మెట్లలా పోతాయి, పిల్లర్ మూలల్లో రాడ్డు వెంట నిలువుగా రావు. ఈ ఒక్క బొమ్మ పది పేజీల "కారణాలు" అధ్యాయాన్ని మింగేస్తుంది.

హంద్రీగట్టు · మంగళవారం, సాయంత్రం 6:20

గీశాను. ఎర్ర చుక్కలు తొమ్మిది. ఏడు డక్టుల చుట్టూనే ఉన్నాయి, ఒకటి ట్యాంకు పైపు దిగే మూలలో. సి19 ఒక్కటీ ఎక్కడికీ కలవలేదు, దగ్గర్లో నీళ్లే లేవు. వరద అనుమానాన్నీ, దాన్ని ఎందుకు పక్కన పెట్టామో కూడా రెండు వాక్యాల్లో రాస్తున్నా.

కొలతబద్ద · మంగళవారం, 7:00

సి19ను బలవంతంగా కలపకండి. "కారణం తేలలేదు" అని రాసి అక్కడ కవర్ ఎంతో చూడండి. మూసేసిన పాత కుళాయి ఏదైనా ఉందేమో షాపు వాళ్లను అడగండి.

సీమ_కాంట్రాక్టర్ · మంగళవారం, 8:30

సరే, ఒప్పుకుంటి. కానీ పరిమాణాలు సరిగ్గా రాయండి సామీ. రిపోర్టులో 38 చదరపు మీటర్లని రాసి టెండరు పిలుస్తారు, కొట్టేకొద్దీ ఊడుతానే ఉంటాది. చివరకు 60 అయితే మేము దొంగలం అవుతాం.

హంద్రీగట్టు · బుధవారం, ఉదయం 7:50

38 అన్నది తట్టి బోలుగా మోగినంత మేర సుద్దతో గీసిన విస్తీర్ణం. ఎనిమిది చోట్ల తెరిచాం. గీసింది మొత్తం 3.2 చదరపు మీటర్లు. గట్టి కాంక్రీటు, తుప్పు లేని రాడ్డు దొరికే దాకా కొడితే 4.6 అయింది.

పెన్నా_ల్యాబ్ · బుధవారం, 8:20

అయితే 1.44 రెట్లు. 38ని దాంతో గుణిస్తే దాదాపు 55. పట్టికలో "గీసినది 38, అంచనా 55, ఆధారం ఎనిమిది తెరిచిన చోట్లు" అని మూడూ రాయండి. మా దగ్గరికి వచ్చే రిపోర్టుల్లో ఎక్కువ తగాదా ఇక్కడే పుడుతుంది.

హంద్రీగట్టు · బుధవారం, 10:30

మొదటి పేజీ ఇలా అనుకుంటున్నా. భవనం ఏది, ఎవరు అడిగారు, ఏ ప్రశ్న అడిగారు అని మూడు వరుసలు. తర్వాత 24 పిల్లర్లూ, బీములూ మూడు గుంపులు: ఇప్పుడే ఆసరా ఇవ్వాల్సినవి, ఏడాదిలోపు మరమ్మతు చేయాల్సినవి, గమనిస్తే చాలు అన్నవి. ప్రతి నంబరు పక్కనా దాని పేజీ నంబరు. ఆ తర్వాత చూడలేకపోయినవి: పునాదులు తవ్వలేదు, రెండు షాపులు తాళం తీయలేదు, ఫాల్స్ సీలింగ్ పైన స్లాబు చూడలేదు. యజమానులు "ఇంకా ఎన్నేళ్లు ఉంటుంది" అని అడుగుతున్నారు. ఆ అంకె మొదటి పేజీలో పెట్టాలా?

కొలతబద్ద · బుధవారం, 11:00

నేనైతే పెట్టను. డక్టు కారటం ఆగితే ఒక లెక్క, ఆగకపోతే ఇంకో లెక్క. ఏళ్లలో అంకె వేస్తే ఆ ఒక్కటే గుర్తుంచుకుని మిగతా రిపోర్టు బీరువాలో పెడతారు.

పెన్నా_ల్యాబ్ · బుధవారం, 11:20

అన్నా, అడిగిన ప్రశ్నకు జవాబు లేని రిపోర్టు అనే కదా ఈ చర్చ మొదలైంది! షరతుతో పెట్టొచ్చు. కార్బొనేషన్ లోతు కాలం వర్గమూలంతో పెరుగుతుంది. నలభై ఏళ్లకు 35 మి.మీ. అంటే, బాగున్న పిల్లర్లలో కవర్ 40 ఉన్నవాటికి రాడ్డును చేరడానికి ఇంకో పన్నెండేళ్లు పడుతుంది. ఆ మాత్రం చెప్పొచ్చు.

కొలతబద్ద · బుధవారం, 11:45

అది రాడ్డుకు చేరే కాలం, భవనం ఆయుష్షు కాదు. లోపలి పేజీలో రాయండి, మొదటి పేజీలో వద్దు. ఇందులో మనిద్దరం కలవం లెండి.

అనంత_ఇల్లు గారూ, మిమ్మల్ని మరచిపోలేదు. మీది ఈ ఫార్మాట్‌తో తేలేది కాదు. స్లాబు కింద చుట్టూ అడ్డంగా వచ్చే పగులు చాలావరకు వేడిది. ఎండకు స్లాబు సాగుతుంది, కింది గోడ అంతగా సాగదు, మధ్యలో చీలుతుంది. పగులుకు అడ్డంగా చిన్న గాజు పలక అంటించి తేదీ రాయండి, వేసవి, చలికాలం రెండూ దాటనివ్వండి. గాజు పగిలితే ఇంకా కదులుతోందని అర్థం. స్లాబు అడుగున తుప్పు మరక గానీ, ఏ మూలైనా పక్కకు జరగడం గానీ కనిపిస్తే ఆగొద్దు, ఇంజినీరును పిలవండి.

అనంత_ఇల్లు · బుధవారం, మధ్యాహ్నం 12:30

తుప్పు మరకలేం లేవు సార్. గాజు పలక ప్లాస్టరు మీదే అంటించొచ్చా?

పెన్నా_ల్యాబ్ · బుధవారం, 12:40

వద్దు. ఆ మేర ప్లాస్టరు తీసి ఇటుకకూ కాంక్రీటుకూ అంటించండి. ప్లాస్టరు విడిగా ఊడితే గాజు అబద్ధం చెబుతుంది.

హంద్రీగట్టు · బుధవారం, 5:15

ఉత్తరం నిన్ననే ఇచ్చాం, బీరువాలు ఖాళీ చేశారు. జాకీలు రేపు వస్తాయి. శుక్రవారం సి7 వెనక ముఖం తెరుస్తాం.

సీమ_కాంట్రాక్టర్ · బుధవారం, 5:40

జాకీలు బిగించినాక, కింద పలకలు కదలకుండా చూసుకున్నాక తెరువప్పా. పనోళ్లకు బ్రేకర్ ఇయ్యొద్దు, ఆ ముఖాన ఉలీ సుత్తీతోనే కొట్టించు. రింగు తెగి ఉంటే అదురుకే రాడ్డు బయటికి వస్తాది.